గాలి తగ్గిస్తే గ్రిప్ పెరుగుతుందా?

వానాకాలం మొదలవగానే మా బాబాయ్ కారు టైర్లలో గాలి ఒక ఐదు పాయింట్లు తగ్గించేస్తాడు. "టైరు కొంచెం మెత్తగా ఉంటే రోడ్డుని గట్టిగా పట్టుకుంటుంది రా" అంటాడు. ఈ మాట బాబాయ్ ఒక్కడిదే కాదు. పెట్రోల్ బంకులో గాలి పట్టే అన్న దగ్గర, పంక్చర్ షాపు దగ్గర, మా హాస్టల్లో కారున్న సీనియర్ దగ్గర కూడా ఇదే విన్నాను. బాబాయ్ రెండు వారాలకోసారి పిన్నినీ పిల్లలిద్దరినీ ఎక్కించుకుని హైదరాబాద్ నుంచి విజయవాడకి 65వ నంబర్ హైవే మీద వెళ్తాడు. జులైలో అయినా, సెప్టెంబర్‌లో అయినా. అందుకే ఇది మా ఇంట్లో ఊరికే వాదించుకునే విషయం కాదు.

గాలి తగ్గిస్తే గ్రిప్ పెరిగే చోట్లు నిజంగానే ఉన్నాయి. ఇసుకలో, బురదలో టైరు కూరుకుపోకుండా ఉండాలంటే దాని బరువు ఎక్కువ జాగా మీద పరుచుకోవాలి. అందుకే బీచ్‌లో జీపులు నడిపేవాళ్లు గాలి తీసేస్తారు. కానీ నీళ్లు నిలిచిన తారు రోడ్డు మీద, స్పీడులో, ఇదే పని సరిగ్గా ఉల్టా ఫలితం ఇస్తుంది. ఎందుకో చెప్పడానికి ప్రయత్నిస్తాను. కావాల్సిందంతా ఇంటర్ ఫిజిక్సే.

ముందు ఏ నీళ్ల గురించి మాట్లాడుతున్నామో తేల్చుకుందాం. టీవీలో చూపించే మోకాలి లోతు నీళ్లు కాదు. అక్కడ ఎవరూ 20 కంటే ఎక్కువ స్పీడులో పోలేరు, అక్కడి ప్రమాదాలు వేరు. నేను చెప్పేది హైవే మీద జోరువానలో పరుచుకునే 3 మిల్లీమీటర్ల పొర గురించి. అద్దంలోంచి చూస్తే అది నీళ్లలా కూడా కనిపించదు, రోడ్డు కాస్త మెరుస్తున్నట్టు ఉంటుంది అంతే.

కారు మొత్తం బరువు రోడ్డుని తాకేది నాలుగు చిన్న ముక్కల మీద. ఒక్కో టైరు కింద సుమారు 15 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు అనుకోండి, అంటే మన అరచెయ్యి కంటే కొంచెం పెద్దది. దీన్ని కాంటాక్ట్ ప్యాచ్ అంటారు. బ్రేకు, స్టీరింగ్, పికప్ అన్నీ ఈ ముక్క రోడ్డుని తాకి ఉన్నంతసేపే పనిచేస్తాయి.

ఇప్పుడు గంటకి 90 కిలోమీటర్ల స్పీడు తీసుకుందాం. సెకనుకి 25 మీటర్లు. 15 సెంటీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల లోతు, సెకనుకి 25 మీటర్లు, ఈ మూడూ గుణిస్తే ఒక్క టైరు సెకనుకి 11 లీటర్ల నీళ్లు దారిలోంచి తప్పించాలని తేలుతుంది. మన హాస్టల్ 20 లీటర్ల బకెట్ రెండు సెకన్లలోపే నిండిపోతుంది. అదీ ఒక్క టైరుకి. పైగా రోడ్డు మీద ఏ ఒక్క చోటైనా టైరు కింద ఉండేది 15 సెంటీమీటర్లు దాటేంత సేపే, అంటే 6 మిల్లీసెకన్లు. ఆ లోపు అక్కడున్న నీళ్లు పక్కకో, వెనక్కో, టైరు గాడుల్లోకో వెళ్లిపోవాలి.

వెళ్లలేకపోతే? నీళ్లు నలగవు. టైరు ముందు ఒక చీలలా పోగవుతాయి, పోగైన నీళ్లు టైరుని పైకి నెడతాయి. స్పీడు తక్కువున్నప్పుడు ఈ చీల కాంటాక్ట్ ప్యాచ్ ముందంచు దగ్గరే ఆగిపోతుంది. దాని వెనక పల్చటి పొర ఉన్న భాగం, ఇంకా వెనక టైరు నిజంగా రోడ్డుని తాకే భాగం ఉంటాయి. స్పీడు పెరిగేకొద్దీ చీల వెనక్కి దూరుతుంది, తాకే భాగం చిన్నదవుతుంది. చివరికి చీల వెనకంచు దాకా చేరితే టైరు పూర్తిగా నీళ్ల మీద తేలుతుంది. దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు. కొంతమంది ఆక్వాప్లేనింగ్ అంటారు, రెండూ ఒకటే. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే ఇది స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా జరగదు. పూర్తిగా తేలే స్పీడుకి చాలా ముందే గ్రిప్ సగం పోయి ఉండొచ్చు.

సరే, ఎంత స్పీడులో తేలుతుంది? దీన్ని మొదట పట్టించుకున్నది కార్ల వాళ్లు కాదు, విమానాల వాళ్లు. తడి రన్‌వే మీద దిగిన విమానాలు బ్రేకులు పట్టక జారిపోయేవి. నాసా వాళ్ల లాంగ్లీ సెంటర్లో వాల్టర్ హార్న్ అనే ఇంజనీర్, ఆయన సహచరులు టైర్లని నీళ్ల ట్రాక్ మీద పరుగెత్తించి కొలిచారు. 1963లో వచ్చిన వాళ్ల రిపోర్టులోని సూత్రం ఆశ్చర్యం కలిగించేంత చిన్నది. తేలే స్పీడు టైరులోని గాలి ప్రెషర్ వర్గమూలం మీద ఆధారపడుతుంది. మన యూనిట్లలోకి మారిస్తే ఇలా ఉంటుంది:

V = 16.65 × √p

V గంటకి కిలోమీటర్లలో, p గాలి ప్రెషర్ పీఎస్‌ఐలో, అంటే బంకులో మనం చెప్పే పాయింట్లలో. సీఎస్ఈ వాణ్ని కాబట్టి రెండు లైన్లు రాయకుండా ఉండలేను:

```python
from math import sqrt
for p in (20, 27, 32, 36):
    print(p, round(16.65 * sqrt(p)))
```

జవాబులు వరసగా 74, 87, 94, 100. బాబాయ్ కారు డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్ 32 అంటుంది. బాబాయ్ 27 పెడతాడు. అంటే తేలే స్పీడుని తన చేత్తో తనే 94 నుంచి 87కి దించుకున్నాడు. హైవే మీద బాబాయ్ మామూలుగా వెళ్లే స్పీడు 90.

సూత్రంలో కారు బరువు ఎక్కడా లేదు, గమనించారా? నాకు మొదట ఇది తప్పేమో అనిపించింది. బరువైన బండి నీళ్లని ఎక్కువ నొక్కాలి కదా! కానీ బరువు పెరిగితే టైరు ఇంకొంచెం అణిగి కాంటాక్ట్ ప్యాచ్ పెద్దదవుతుంది. బరువుని వైశాల్యంతో భాగిస్తే వచ్చే ఒత్తిడి మాత్రం దాదాపు లోపలున్న గాలి ప్రెషర్ అంతే ఉంటుంది. నీళ్లతో పోటీపడేది ఈ ఒత్తిడే. ఒక చదరపు అంగుళం మీద టైరు కిందికి ఎంత నొక్కుతోంది, నీళ్లు పైకి ఎంత నొక్కుతున్నాయి, ఇంతే లెక్క.

నీళ్ల వైపు లెక్క కూడా చూద్దాం. ఎదురొచ్చి ఆగిపోయే నీటి ఒత్తిడి సాంద్రతలో సగం ఇంటూ వేగం స్క్వేర్. సెకనుకి 25 మీటర్లకి అది సుమారు 45 పీఎస్‌ఐ. కానీ ఇంత ఒత్తిడి ప్యాచ్ అంతటా ఉండదు. నీళ్లు పక్కల నుంచి తప్పించుకుంటాయి కాబట్టి హార్న్ సూత్రం ప్రకారం సగటున మూడింట రెండు వంతుల కంటే కొంచెం తక్కువే పనిచేస్తుంది, సుమారు 29. ఇప్పుడు రెండు టైర్లని పక్కపక్కన పెట్టండి. 32 ఉన్న టైరు 29ని తట్టుకుని కిందే ఉంటుంది. 27 ఉన్న టైరు లేస్తుంది. "మెత్తగా" అని బాబాయ్ అనే ఆ ఐదు పాయింట్లు సరిగ్గా ఈ గీతకి అవతలా ఇవతలా ఉన్నాయి.

గాలి తగ్గిన టైరుకి ఇంకో రోగం కూడా ఉంది. దాని అంచులు బరువు మోస్తాయి, మధ్యభాగం లోపలికి వంగుతుంది. మధ్యలో ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు అక్కడి నుంచే దూరతాయి. గాడులు కూడా నలిగి కొంచెం మూసుకుపోతాయి. ఈ రెండిటినీ పై సూత్రం లెక్కలోకి తీసుకోదు, అసలు పరిస్థితి 87 కంటే తక్కువలోనే మొదలవ్వొచ్చు.

తమాషా ఏంటంటే వానాకాలంలో గాలి మనం తీయకపోయినా దానంతట అదే తగ్గుతుంది. మేలో 40 డిగ్రీల ఎండలో 32 పట్టించాం అనుకోండి. జులై వానలో టైరు 24 డిగ్రీలకి చల్లబడితే? వాయు నియమం వేసేటప్పుడు వాతావరణ పీడనం 14.7 కలిపి, ఉష్ణోగ్రత కెల్విన్‌లో తీసుకోవాలి. 46.7ని 297తో గుణించి 313తో భాగిస్తే 44.3. అందులోంచి 14.7 తీసేస్తే 29.6. ఏ లీకూ లేకుండానే రెండున్నర పాయింట్లు పోయాయి. కాబట్టి వర్షాలు మొదలయ్యాక, పొద్దున్నే బండి తియ్యకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసి స్టిక్కర్ మీద ఉన్నంత పట్టించాలి. అలాగని 45 కొట్టించమని కాదు. అప్పుడు టైరు మధ్యలో ఉబ్బి అంచులు లేస్తాయి, రోడ్డుని తాకే భాగమే తగ్గిపోతుంది.

ఇక టైరు గాడుల సంగతి. వీటిని ట్రెడ్ అంటాం. పైన చెప్పిన సూత్రం అసలు ఎప్పుడు వర్తిస్తుందంటే, గాడులు మింగగలిగిన దాని కంటే నీళ్లు ఎక్కువున్నప్పుడు. గాడులు బాగుంటే 94 దాటినా టైరు తేలకపోవచ్చు. అంటే ప్రెషర్ ఎంత ముఖ్యమో, ట్రెడ్ అంతకంటే ముందు నిలబడే కాపలా.

కొత్త కారు టైరులో గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. టైరు ఉపరితలంలో 30 శాతం గాడులే అనుకుందాం, మిగతాది రబ్బరు. అప్పుడు గాడులన్నీ కలిపి 2.4 మిల్లీమీటర్ల నీటి పొరని మింగగలవు. రోడ్డు మీద 3 ఉంటే పిండాల్సింది 0.6 మాత్రమే. బాబాయ్ టైర్లని గేజ్ పెట్టి కొలిస్తే 2.5 మిల్లీమీటర్లు వచ్చింది. దాంట్లో 30 శాతం 0.75. అంటే 3 మిల్లీమీటర్లలో 2.25 మిగిలిపోతుంది, అదంతా 6 మిల్లీసెకన్లలో పక్కలకి పోవాలి. కొత్త టైరు పిండాల్సిన దానికి ఇది దాదాపు నాలుగు రెట్లు. ఇది ముతక లెక్కే. నిజం టైరులో గాడులు నీళ్లని నిలవ పెట్టడమే కాదు, కాలవల్లా వెనక్కీ పక్కకీ పారిస్తాయి కూడా. కానీ లోతు తగ్గితే కాలవ కూడా సన్నబడుతుంది కాబట్టి కథ మారదు.

"ఇంకా అరిగిపోలేదు కదా రా, లీగలే కదా" అని బాబాయ్ అన్నాడు. నిజమే, మన దేశంలో కార్లకి చట్టం చెప్పే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు. గాడుల అడుగున చిన్న చిన్న దిమ్మెలు ఉంటాయి, టైరు పక్కన చిన్నగా ఒక త్రికోణమో టీడబ్ల్యూఐ అనో గుర్తు ఉంటే దానికి ఎదురుగా వెతకండి. రబ్బరు అరిగి ఆ దిమ్మెతో సమానం అయ్యిందంటే 1.6కి వచ్చినట్టు. కానీ ఆ లోతులో గాడులు మింగేది అర మిల్లీమీటరు కూడా కాదు. పొడి రోడ్డు మీద ఆ టైరు బాగానే ఉంటుంది, అదే మోసం. మార్చి నెలలో ఏ తేడా తెలియని టైరు జులైలో వేరే వస్తువైపోతుంది.

ట్రెడ్ గురించే ఇంకో మాట. రెండు టైర్లే మార్చే డబ్బులు ఉంటే చాలామంది కొత్తవి ముందు వేయిస్తారు, స్టీరింగ్ అక్కడే ఉంది కదా అని. తడి రోడ్డుకి ఇది తప్పు. ముందు టైర్లు తేలితే కారు తిప్పినా తిరగకుండా నేరుగా పోతుంది. భయమే, కానీ యాక్సిలరేటర్ వదిలితే స్పీడు తగ్గి మళ్లీ పట్టు దొరికే అవకాశం ఉంటుంది. వెనక టైర్లు తేలితే కారు తోక పక్కకి జారి బొంగరంలా తిరుగుతుంది. దాన్ని అదుపు చెయ్యడం మామూలు డ్రైవర్ల వల్ల కాదు. అందుకే ఎక్కువ ట్రెడ్ ఉన్న జత వెనక ఉండాలి.

గాలి, ట్రెడ్ రెండూ ఇంట్లో ఉన్నప్పుడే చూసుకోవాలి. వాన మొదలయ్యాక చేతిలో మిగిలేది స్పీడే. నీటి ఒత్తిడి వేగం స్క్వేర్ మీద పెరుగుతుందని చెప్పాను కదా, తగ్గడం కూడా అలాగే తగ్గుతుంది. 90లో 29 పీఎస్‌ఐ ఉన్నది 80లో 23 అవుతుంది, 70లో 18కి పడిపోతుంది. ఇరవై కిలోమీటర్లు తగ్గిస్తే నీళ్ల తోపు దాదాపు 40 శాతం పోయింది. బాబాయ్ 27 పాయింట్ల టైరు కూడా 70లో రోడ్డు మీదే ఉంటుంది.

"మరి లారీలు అంత జోరుగా పోతున్నాయి కదా" అంటారు. లారీ టైర్లలో 100 పీఎస్‌ఐ, ఆ పైన ఉంటుంది. సూత్రంలో వేస్తే 166 వస్తుంది, ఏ లారీ అంత స్పీడు పోదు. లోడు లారీని చూసి కారు స్పీడు నిర్ణయించుకోవడం, ఏనుగు వాగు దాటింది కదా అని మేక దిగినట్టు ఉంటుంది. ఖాళీ లారీ సంగతి మాత్రం వేరు. ప్రెషర్ అంతే ఉన్నా బరువు లేక దాని కాంటాక్ట్ ప్యాచ్ పొట్టిగా, అడ్డంగా మారుతుంది, నీళ్లు దాని కిందికి త్వరగా దూరేస్తాయి. అది 166 కంటే చాలా తక్కువలో తేలగలదని 1980లలో హార్నే మళ్లీ చూపించాడు.

బైకుల గురించి అడుగుతారని తెలుసు, క్లబ్‌లో సగం మంది బైకుల మీదే వస్తారు. బైకు టైరు సన్నగా, గుండ్రంగా పడవ ముక్కులా ఉంటుంది కాబట్టి నీళ్లని బాగా చీలుస్తుంది. సిటీ స్పీడుల్లో తేలడం అరుదు. బైకులు ఎక్కువగా జారేది తెల్ల పెయింటు గీతల మీద, మ్యాన్‌హోల్ మూతల మీద, మొదటి వానలో ఆయిలూ దుమ్మూ కలిసిన జిడ్డు మీద. అక్కడ లోతైన నీళ్లు అక్కర్లేదు. ఉపరితలం నున్నగా ఉంటే వెంట్రుకంత పొర చాలు, స్పీడు కూడా అక్కర్లేదు.

మళ్లీ హైవేకి వద్దాం. 3 మిల్లీమీటర్లు రోడ్డంతా సమానంగా ఉండవు, ఎక్కడ పోగవుతాయో ముందే ఊహించొచ్చు. నేరుగా ఉన్న రోడ్డుని నీళ్లు పారడానికి పక్కకి కొంచెం వాలుగా వేస్తారు, మీటరుకి రెండు, రెండున్నర సెంటీమీటర్లు. మలుపులో బండి బయటికి పోకుండా బయటి అంచుని పైకి లేపుతారు. మన వైపు రోడ్డు ఎడమకి వాలి ఉండి, ముందు కుడి మలుపు వచ్చిందనుకోండి. వాలు ఎడమ నుంచి కుడికి మారాలి. మారేటప్పుడు మధ్యలో ఒక చోట రోడ్డు పక్కకి ఏ వాలూ లేకుండా బల్లపరుపుగా ఉంటుంది. అక్కడ నీళ్లకి ఎటు పోవాలో తెలియదు, నిలబడతాయి. ఇక ఆ కుడి మలుపులో కింది అంచు డివైడర్ వైపు ఉంటుంది. అక్కడి డ్రైన్ కన్నాలు మట్టితో మూసుకుపోతే నీళ్లన్నీ ఫాస్ట్ లేన్‌లోనే చేరతాయి. కుడి చక్రాలు మాత్రమే ఆ నీళ్లలో పడితే అటువైపు లాగుడు ఎక్కువై కారు డివైడర్ మీదికి గుంజుతుంది. లారీల బరువుకి చక్రాల జాడల్లో రోడ్డు దిగబడిన చోట్లు కూడా ఇంతే, పొడుగాటి తొట్లలా నీళ్లు పడతాయి. జోరువానలో ఫాస్ట్ లేన్ అంటే నాకు అందుకే నమ్మకం లేదు.

లోతు ఎంతుందో తెలుసుకోవడానికి ముందు కారు టైరు జాడలు చూడండి. జాడ కాసేపు నల్లగా స్పష్టంగా కనిపిస్తే ఆ టైరు నీళ్లని తుడవగలిగింది, పొర పల్చన. జాడ వెంటనే పూడిపోతే నీళ్లు ఎక్కువున్నట్టు. తగినంత దూరంలో ఆ జాడల మీదే వెళ్తే మన టైరుకి పని తగ్గుతుంది. మన కారే తేలడం మొదలుపెట్టిందని ఎలా తెలుస్తుందంటే, ముందు స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైపోతుంది, వేలితో తిప్పగలిగేంత. అది సుఖంగా కూడా అనిపిస్తుంది, కానీ రోడ్డు నుంచి చేతికి వచ్చే కబురు ఆగిపోయిందని అర్థం. కారు కింద డప్పు కొట్టినట్టు నీళ్ల మోత వస్తుంది. యాక్సిలరేటర్ అలాగే ఉంచినా ఇంజన్ ఆర్‌పీఎం ఎగబాకుతుంది, ఎందుకంటే చక్రాలకి ఎదురునిలిచే రోడ్డు లేదు. క్రూయిజ్ కంట్రోల్ వేసి ఉంటే ఈ చివరి గుర్తుని మన కాలు పట్టుకోలేదు, వానలో దాన్ని ఆపేయడం మంచిది.

ఆ క్షణంలో బ్రేకు మీద కాలు దానంతట అదే పోతుంది. పోనివ్వకూడదు. దీనికీ నాసా కొలతే కారణం. తిరుగుతున్న టైరు తేలే స్పీడు 94 అనుకుంటే, తిరగకుండా ఆగిపోయిన టైరు 80లో కూడా తేలుతూనే ఉంటుంది. బ్రేకు తొక్కి చక్రాన్ని ఆపేస్తే మళ్లీ రోడ్డు దొరకడానికి ఇంకా 14 కిలోమీటర్లు స్పీడు తగ్గాలి, అదీ బ్రేకులు పనిచెయ్యని నీళ్ల మీద. ఏబీఎస్ చక్రం ఆగిపోకుండా బ్రేకుని వదులుతుంది, కానీ లేని గ్రిప్‌ని తెచ్చిపెట్టలేదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తియ్యాలి, స్టీరింగ్ వెళ్లాల్సిన దిక్కుకే పట్టుకోవాలి, తిప్పకూడదు. తేలుతున్నప్పుడు స్టీరింగ్ పక్కకి తిప్పి ఉంచితే ఏమీ జరగదు. కానీ టైర్లు రోడ్డుని మళ్లీ పట్టుకున్న క్షణంలో కారు ఒక్కసారిగా అటు దూకుతుంది. నీటి చెలమ సాధారణంగా కొన్ని మీటర్లే ఉంటుంది, 25 మీటర్లు దాటడానికి ఒక్క సెకను. ఆ సెకను చేతులు కదలకుండా ఉంచితే టైరు తనంతట తను కిందికి దిగుతుంది, స్టీరింగ్ మళ్లీ బరువెక్కుతుంది.

లెక్కలన్నీ నోట్‌బుక్‌లో రాసి బాబాయ్‌కి వాట్సాప్ చేశాను. 32 పట్టించాడు. టైర్లు మాత్రం దసరాకి ఆఫర్ వస్తుందని ఆగాడు. అప్పటిదాకా వాన పడితే 70 దాటకుండా చూసే డ్యూటీ పిన్ని తీసుకుంది.